బురదలో తెల్ల చొక్కా

నాకు అసహ్యం తక్కువ. గొప్ప కోసం చెప్పుకోవడం లేదు, నా ఉద్యోగం అలాంటిది. ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరేళ్ళుగా స్టాఫ్ నర్సుని. చీము, వాంతి, మలం, మూత్రం నాకు పనులు, అంతే. బెడ్‌పాన్ తీస్తూనే ఇంటికెళ్ళి ఏం కూర వండాలో ఆలోచించుకోగలను. నాకు కడుపులో తిప్పేది మనుషుల్ని చూస్తే. కన్నతండ్రి మంచం పక్కన ముక్కు మూసుకుని ఫోను చూసుకునే కొడుకులు, గుమ్మం దాటి లోపలికి రాకుండా "సిస్టర్, అదేదో చూడండి" అని వేలు చూపించే కోడళ్ళు. ఛీ అనిపిస్తుంది. ఇప్పుడు నా పేరు కూడా ఆ జాబితాలో ఉంది. ఎలా చేరిందో చెప్తాను.

జర్మనీలో నర్సు ఉద్యోగం కోసం జర్మన్ నేర్చుకుంటున్నాను. దానికి బీటూ అనే స్థాయి పరీక్ష పాసవ్వాలి, అది రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ మాట్లాడే పరీక్షలోనే. మూడోసారి కూడా పోతే అక్కడి ఆసుపత్రి వాళ్ళు నా కాగితాలు పక్కన పడేస్తారని ఏజెంటు తేల్చి చెప్పాడు. మా నాన్న దుర్గారాజు కలిదిండి దగ్గర ఎవరివో చేపల చెరువుల మీద మేత వేస్తాడు. ఆయన బట్టలకి పట్టిన వాసన ఏ సబ్బుకీ వదలదు. ఆ వాసన లేని చోట బతకాలని నాకు పదో తరగతి నుంచీ కోరిక. నాన్నని కాదు, ఆ వాసనని వదిలి పోవాలని. ఆయనకి మాత్రం రెండూ ఒకటేలా వినిపిస్తాయి.

మా క్లాసు ఏలూరులోనే, ఒక సెల్‌ఫోన్ల షాపు పైన. చెప్పేది ఎలీయాజరు సార్. జర్మనీలో ఒక వృద్ధాశ్రమంలో ఐదేళ్ళు పనిచేసి వచ్చిన మనిషి. నోరు మోటు, చదువు చెప్పడం మాత్రం గట్టి.

మాకు వస్తువుల పేర్లతో పేచీ లేదు. మంచం, సూది, దుప్పటి అంటే చూపించుకోవచ్చు, చేతిలో పట్టుకోవచ్చు. మింగుడుపడనివి కంటికి కనపడని మాటలు. ఓర్పు, సిగ్గు, ఓదార్పు, బాధ్యత. వందసార్లు రాసినా మర్నాటికి ఖాళీ. దానికి సార్ ఒక పద్ధతి నేర్పారు. ఆయన దాన్ని కీవర్డు అనేవారు.

"ముందు పదం వినండి. ఆ చప్పుడుకి దగ్గరగా ఉన్న తెలుగు మాట ఒకటి పట్టుకోండి. అచ్చం అలాగే ఉండక్కర్లేదు, మొదటి ముక్క కలిసినా చాలు. కానీ అది కంటికి కనపడే వస్తువై ఉండాలి. ఆ తరవాత అర్థం. ఓర్పుని ఫొటో తియ్యగలరా? తియ్యలేరు. అంచేత ఓర్పు కనపడే ఒక సీను వెతకండి. ఇప్పుడు ఆ వస్తువునీ ఈ సీనునీ ఒకదాంట్లో ఒకటి కుక్కెయ్యండి. పక్కపక్కన పెడితే లాభం లేదు, ఒకదాన్నొకటి తాకాలి, గుద్దుకోవాలి."

గెదుల్ట్ అంటే ఓర్పు. చప్పుడుకి గేదె. సీను మా ఆసుపత్రి ఓపీ వరస. ఒక గేదె నోట్లో చీటీ పట్టుకుని పొద్దుట్నించీ ఆ వరసలో నిలబడి ఉంది, ముందున్నవాళ్ళు కదలరు, అదీ కదలదు. కళ్ళు మూసుకుని ఒక్కసారి చూశాను. అంతే, ఈరోజుకీ మర్చిపోలేదు. ట్రోస్ట్ అంటే ఓదార్పు. చావింట్లో ఏడుస్తున్న ఆడమనిషి నోట్లో చుట్టాలందరూ టోస్టు కుక్కుతున్నారు. షామ్ అంటే సిగ్గు. పెళ్ళి షామియానా కింద వెయ్యిమంది మధ్య ఒంటి మీద నూలుపోగు లేకుండా నేను.

జర్మన్ పదం వినగానే అర్థం తన్నుకొచ్చేది. అర్థం నుంచి పదానికి వెళ్ళడం కష్టం. ఓర్పు అనుకుంటే గేదె వస్తుంది గానీ గేదె దగ్గర నుంచి అసలు చప్పుడుకి వెళ్ళాలి కదా. అందుకని సార్ రెండు వైపులా అడిగేవారు. బొమ్మ కట్టాక అసలు పదం పదిసార్లు పలికించేవారు.

"లేకపోతే అక్కడికెళ్ళి పేషెంటుతో గేదె గేదె అంటారు. బొమ్మ ఎప్పటికీ ఉండదండీ. పదం నోట్లో నలిగాక బొమ్మ దానంతటదే రాలిపోతుంది," అనేవారు.

ఆ మాట నేను నమ్మాను.

ఏకెల్ అనే మాట వచ్చినరోజు సార్ నన్నే లేపారు. ఏకెల్ అంటే అసహ్యం. చప్పుడుకి ఈకలు బాగా కుదిరాయి. సీను వెతుక్కునే పని లేకపోయింది. మా నాన్న పనిచేసే చెరువుల్లో ఒక దాంట్లో దొంగచాటుగా చేపల మేతకి కోడి వ్యర్థాలు వేసేవారు. నీలం డ్రమ్ముల్లో పేగులూ తలకాయలూ ఈకలూ కుళ్ళి వచ్చేవి. ఆ డ్రమ్ములోంచి ఒక గరిటెడు తీసి అన్నంలో కలుపుకుంటున్నానని చెప్పాను. క్లాసంతా "బాబోయ్" అని మూతులు తిప్పుకుంది.

"అదీ! సత్యవేణిని చూసి నేర్చుకోండి. శుభ్రమైన బొమ్మ రెండురోజులు కూడా ఉండదు. కంపు కొట్టే బొమ్మ చచ్చేదాకా ఉంటుంది," అన్నారు సార్.

నాకు పొగడ్త అంటే చెడ్డ మోజు. రెండుసార్లు తప్పినదాన్ని కదా, క్లాసులో నా మాటకి విలువ లేదు. ఆ రోజు నుంచి వచ్చింది. నెల్సన్ అని మాతోపాటు చదివే కుర్రాడు, చింతలపూడి వాడు, బొమ్మలు బాగా వేస్తాడు. అందరి బొమ్మలూ ఒక నోట్సుగా రాసి, పక్కన గీతల్లో గీసి, గ్రూపులో పెట్టేవాడు. నా బొమ్మలకి ఎక్కువ నవ్వులు వచ్చేవి.

నెల తరవాత వ్యుర్దె వచ్చింది. ఆత్మగౌరవం, మనిషి పరువు, మర్యాద. జర్మనీలో నర్సు అనేవాడు దీన్ని తప్పించుకు తిరగలేడు, పరీక్షలో ఏదో ఒక మూల తగులుతుందన్నారు సార్. చప్పుడుకి బురద దొరికింది. కొల్లేటి వైపు పుట్టినదానికి బురదకేం కొదవ. సీనే కుదరలేదు. ఒకరు కలెక్టరు బురదలో అన్నారు, ఒకరు పెళ్ళికూతురు అన్నారు. ఏదీ పట్టలేదు. నేను మలంలో పడ్డ పెద్దమనిషి అన్నాను. సార్ పెదవి విరిచారు.

"మీకు మలం అసహ్యం కాదండీ, రోజూ చేత్తో తీస్తారు. మీకు పనికొచ్చే అసహ్యం అది కాదు. ఎవర్ని అలా చూస్తే మీకు తట్టుకోలేననిపించింది? అది చెప్పండి."

నాకు ఒక్కరే గుర్తొచ్చారు. ఎనిమిది నెలల కిందట మా వార్డులో కనకరత్నం మాస్టారని ఒకరు చేరారు. పక్షవాతం, కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. రిటైరైన హెడ్మాస్టరు. ఆసుపత్రిలో కూడా తెల్ల చొక్కా, అదీ ఇస్త్రీ చేసిందే. మేం గదిలోకి వెళ్తే లేవబోయేవారు. సూది గుచ్చితే థాంక్స్ చెప్పేవారు. ఒకరోజు మధ్యాహ్నం తోడున్న అల్లుడు టీకి వెళ్ళి గంటైనా రాలేదు. ఆయన బెల్లు కొట్టలేదు. ఆడపిల్లని పిలిచి అడగడానికి మొహమాటం. బాత్రూముకి తనే వెళ్ళబోయి మంచానికీ గోడకీ మధ్య పడిపోయారు. నేను వెళ్ళేసరికి బట్టలన్నీ పాడైపోయి ఉన్నాయి. తెల్ల చొక్కా అంతా. ఆయన నన్ను చూసి కళ్ళు మూసుకున్నారు. ఎడమచెయ్యి ఒక్కటే పైకెత్తి దణ్ణం పెట్టారు.

"ఎవరితోనూ అనకండమ్మా. మా మనవరాలు కూడా మీలాగే నర్సింగు చదువుతోంది. ఆ పిల్లకి అసలు తెలియనివ్వకండి," అన్నారు. మాట ఇంకా ముద్దగా వచ్చేది.

"నా నోటి నుంచి రాదు మాస్టారూ," అన్నాను.

శుభ్రం చేసి, వేరే చొక్కా తొడిగి, గుండీలు పెట్టి, దుప్పటి మార్చి, ఆ గుడ్డలన్నీ మూటకట్టి నేనే పడేశాను. ఆయాకి కూడా చెప్పలేదు. నర్సుగా నేను చేసిన మంచి పనులు లెక్కపెట్టమంటే మొదట అదే చెప్పుకునేదాన్ని.

అది క్లాసులో చెప్పేశాను. పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు. హెడ్మాస్టరని కూడా అనలేదు. పేరు చెప్పలేదు కాబట్టి తప్పు లేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తెల్ల ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దాయన నడుందాకా చెరువు బురదలో కూరుకుపోయి, లేవలేక, గట్టు మీద వెళ్ళేవాళ్ళకి ఒంటిచేత్తో దణ్ణం పెడుతున్నాడు. మొదట ఎవరూ నవ్వలేదు. నేనే ఆ ఒంటిచేతి దణ్ణం పెట్టి చూపించాను, కళ్ళు మూసి, మూతి ఒక పక్కకి వంకరపెట్టి. అప్పుడు గొల్లుమన్నారు.

"శభాష్! ఇంక ఈ మాటని మర్చిపోతే అడగండి," అన్నారు సార్.

నెల్సన్ బొమ్మ గీశాడు. బాగా గీశాడు, ఎత్తిన చేతితో సహా.

ఆ తరవాత రెండు వారాలకి క్రిస్టినా చేరింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. విజయవాడలో బీఎస్సీ నర్సింగు అయిపోగానే వచ్చింది. తాడేపల్లిగూడెం నుంచి రోజూ రైల్లో వచ్చేది. మొదటిరోజే నా పక్కన కూర్చుని "అక్కా, మీ బొమ్మలే అన్నిట్లోకీ బాగున్నాయండి, నోట్సంతా చదివేశాను" అంది. నేను మురిసిపోయాను. ఇద్దరం కలిసి చదువుకున్నాం. పదిరోజులు గడిచాయి. ఒకరోజు క్లాసు మొదలవకముందు తనే అంది.

"నాకు పదాలు అప్పగించుకునేది మా తాతయ్యేనక్కా. ఆయనకి జర్మన్ రాకపోయినా నేను తెలుగులో రాసిచ్చింది చూసి అడుగుతారు. రెండు వైపులా అడగమన్నారని చెప్తే రెండు వైపులా అడుగుతున్నారు. హెడ్మాస్టరు చేశారు కదా, ఒక్క పదం కూడా వదలరు."

"మీ తాతయ్య పేరేంటి?" అన్నాను.

"కనకరత్నం మాస్టారండి. మా గూడెంలో అందరికీ తెలుసు. మొన్న శీతాకాలం కొంచెం పెరాలిసిస్ వచ్చింది. నాకు పరీక్షలని ఇంట్లో అసలు చెప్పలేదు, చూడండి! ఇప్పుడు బాగానే ఉన్నారు, వాకరు పట్టుకుని నడుస్తారు. నిన్న వ్యుర్దె దగ్గర మీ బొమ్మ చదివి వినిపించానక్కా. మళ్ళీ చదవమన్నారు. ఎవరు రాశారమ్మా అనడిగితే మా సత్యవేణి అక్క అని చెప్పాను. ఏలూరులో నర్సని కూడా చెప్పాను."

"ఏమన్నారు?"

"ఏమీ అన్లేదండి. తరవాతి పదం అడిగారు."

నేను లేచి కిందికి వెళ్ళి మెట్ల పక్కన వాంతి చేసుకున్నాను. ఆరేళ్ళ సర్వీసులో ఎవరి మలానికీ రాని వాంతి నాకు నా మాటలకి వచ్చింది. క్రిస్టినా వెనకాలే వచ్చి వీపు రాసింది. ఆ పిల్ల చెయ్యి తగులుతుంటే ఇంకా కక్కాలనిపించింది.

ఆ పిల్లకి తెలియదు. నోట్సులో ఉన్నది బురద. ఎవరో పెద్దాయన. కానీ ఆ ఒంటిచేతి దణ్ణం చూసింది లోకంలో ఇద్దరమే, పెట్టినాయన, పెట్టించుకున్న నేను. అది చదివి వినిపించింది మనవరాలు, అదీ నవ్వుకుంటూ.

సాయంత్రం సార్‌తో ఒక్కదాన్నే మాట్లాడాను. ఆ పేజీ గ్రూపులోంచి తీయించెయ్యమన్నాను. ఎందుకని అడిగారు. ఆ పేషెంటు ఎవరో తెలిసిపోయేలా ఉందన్నాను, అంతకంటే చెప్పలేదు.

"పేజీ తీసేస్తానండి, అదెంతసేపు. ఇరవై మంది బుర్రల్లోంచి ఎలా తియ్యమంటారు? అది బాగా కుదిరింది. నేనే అనవసరంగా మిమ్మల్ని రెచ్చగొట్టాను," అని తల గీరుకున్నారు.

ఆయన్ని తిడదామనుకున్నాను. కానీ ఆయన అడిగింది నా అసహ్యాన్ని. నేను ఇచ్చింది మాస్టారి పరువుని. మూతి వంకరపెట్టమని ఎవరూ అడగలేదు.

ఆ పదానికి వేరే బొమ్మ కట్టుకోవాలని చూశాను. తెల్లచీర కట్టుకున్న ఒకామె చెరువు బురద మీద వేసిన చెక్క మీద మరక అంటకుండా తలెత్తుకుని నడిచిపోతోంది. మంచి బొమ్మే. పదిసార్లు, యాభైసార్లు చూశాను. కానీ వ్యుర్దె అనగానే మొదట మాస్టారే వచ్చేవారు. తెల్లచీర ఆవిడ ఆయన వెనకాల వచ్చేది, ఆలస్యంగా. కొత్తది కట్టినంత మాత్రాన పాతది చెరిగిపోదని నాకు అప్పుడు తెలిసింది.

పరీక్ష చెన్నైలో. రాయడం అయింది, వినడం అయింది. మాట్లాడే పరీక్షలో ఎదురుగా ఇద్దరు కూర్చున్నారు. నాకిచ్చిన చీటీలో విషయం, వృద్ధుల సంరక్షణలో రోగి ఆత్మగౌరవం. వ్యుర్దె అనే మాట చీటీ మధ్యలో నల్లగా అచ్చువేసి ఉంది. తడుముకోవడానికి ఏమీ లేకపోయింది. తెల్ల చొక్కా, బురద, ఎత్తిన చెయ్యి. రెండుసార్లు నోరు పెగలక తప్పినదాన్ని గుక్కతిప్పుకోకుండా మాట్లాడాను. తలుపు తట్టి లోపలికి వెళ్ళాలన్నాను. తెర వేసి బట్టలు మార్చాలన్నాను. రోగి గదిలో నర్సు చూసింది ఆ గది దాటి బయటికి రాకూడదన్నాను. ఎదురుగా ఉన్న ఆవిడ తల ఊపుతూ రాసుకుంది. నా నోట్లో ఈకలున్నట్టే ఉంది, అయినా మాట్లాడుతూనే ఉన్నాను.

పాసయ్యాను. అన్నిట్లోకీ మాట్లాడేదాంట్లోనే ఎక్కువ మార్కులు. నాన్న ఫోనులో ఏడ్చాడు. సార్ క్లాసులో చప్పట్లు కొట్టించారు. నాకు ఆ చప్పట్లు మొహాన ఉమ్మేసినట్టు తగిలాయి.

క్రిస్టినా పరీక్ష ఇంకో నెలలో ఉంది. "ఒక్కసారి ఇంటికొచ్చి నాచేత మాట్లాడించండక్కా, తాతయ్య కూడా మిమ్మల్ని తీసుకురమ్మన్నారు" అని వారంరోజులు వెంటపడింది. వెళ్ళకూడదనుకున్నాను. కానీ ఆయన్ని క్షమించమని అడక్కుండా విమానం ఎక్కలేననిపించి, ఒక ఆదివారం మధ్యాహ్నం, వాళ్ళు చర్చి నుంచి వచ్చి భోజనాలు చేశాక, తాడేపల్లిగూడెం వెళ్ళాను.

మాస్టారు ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత చెదరలేదు. పక్కన వాకరు. నన్ను చూసి లేవబోయారు.

"కూర్చోండి మాస్టారూ, లేవకండి," అన్నాను.

"రండమ్మా. పరీక్ష పాసయ్యారట, మా అమ్మాయి చెప్పింది. చాలా సంతోషమండి."

మాట ఇప్పుడు స్పష్టంగా ఉంది. గొంతులో కోపం లేదు, చనువు కూడా లేదు. ఆసుపత్రిలో "అమ్మా, మీ ఊరేది, నాన్నగారేం చేస్తారు" అని అడిగిన మనిషి ఇప్పుడు ఇంటికొచ్చిన ఇన్‌స్పెక్టరుతో మాట్లాడినట్టు మాట్లాడారు.

క్రిస్టినా తను చేత్తో ఎక్కించుకున్న నోట్సు తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. "తాతయ్యా, ఇవాళ ఇద్దరినీ అడుగు. ఎవరు ముందు చెప్తారో చూద్దాం!"

ఆయన ఎడమచేత్తో పేజీలు తిప్పారు. గెదుల్ట్ అడిగారు, క్రిస్టినా చెప్పింది. ఓదార్పు అడిగారు, నేను చెప్పాను. ఏకెల్ అడిగారు. దాన్ని క్రిస్టినానే చెప్పనిచ్చాను. మరో రెండు పేజీలు తిరిగాయి. ఆయన వేలు ఒకచోట ఆగింది. దాటేస్తారనుకున్నాను. ఒక్క పదం కూడా వదలరని ఆ పిల్ల చెప్పనే చెప్పింది.

"ఆత్మగౌరవం," అన్నారు, నా వైపు చూసి.

నాకు తెలుసు. నిద్రలో లేపి అడిగినా తెలుసు. "గుర్తు రావట్లేదండి," అన్నాను.

"అదేంటక్కా! బొమ్మ మీదే కదా!" క్రిస్టినా పకపకా నవ్వింది. "వ్యుర్దె. తెల్ల చొక్కా పెద్దాయన, బురద, ఇదిగో ఇలా దణ్ణం," అని చెయ్యి ఎత్తి, కళ్ళు మూసి, మూతి వంకర పెట్టింది. క్లాసులో ఎవరో ఆ పిల్లకి నేర్పి ఉంటారు. నేను చేసింది చేసినట్టు దిగింది.

మాస్టారు మనవరాలి మొహంలోకి చాలాసేపు చూశారు. తన మూతి ఎలా ఉండేదో ఆయనకి అప్పుడే తెలిసినట్టుంది.

"బాగా కట్టారండీ," అన్నారు నాతో. "నలభై ఏళ్ళు పాఠాలు చెప్పాను, ఇలాంటిది నాకు తట్టలేదు. పిల్లలు మర్చిపోరు."

"మాస్టారూ, నేను..." అన్నాను. క్రిస్టినా ఎదురుగా కూర్చుని నా మొహంలోకే చూస్తోంది. క్షమించమంటే దేనికని అడుగుతుంది. నేను నోరు తెరిస్తే ఆయన వద్దని బతిమాలిన మాటే ఆ పిల్ల చెవిన పడుతుంది. అడక్కపోతే ఇది నాతోనే ఉంటుంది. ఆయన కొద్దిగా తల అడ్డంగా ఊపారు. నాకు మాత్రమే తెలిసేలా.

"తరవాతి పదం అడగండి మాస్టారూ," అన్నాను.

క్రిస్టినా టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. గదిలో మేమిద్దరమే. కుర్చీలోంచి కిందికి దిగి ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "తప్పయిపోయింది మాస్టారూ. పేరు చెప్పలేదండి. ఒట్టు," అన్నాను. అంతకంటే నీచమైన మాట ఆ సమయంలో ఇంకొకటి లేదు, అదే వచ్చింది నోటికి.

"పైన కూర్చోండమ్మా. పిల్ల వస్తుంది," అన్నారు.

ఆ తరవాత ఆయన కుర్చీ చేతుల మీద బలం మోపి లేవబోయారు. వంటింటి గుమ్మంలోంచి క్రిస్టినా చూసింది. "తాతయ్యా, బాత్రూముకా? అక్కా, కాస్త పట్టుకుంటారా, పొయ్యి మీద పాలున్నాయి."

నేను లేచి చెయ్యి చాచాను. అలవాటైన చెయ్యి, చంక కింద ఎక్కడ పట్టాలో దానికి తెలుసు. ఆయన వెనక్కి జరిగారు. పడబోయి వాకరు పట్టుకున్నారు.

"వద్దండి. మీరు కూర్చోండి."

వాకరు ముందుకు జరిపి, ఒక అడుగు. మళ్ళీ జరిపి, ఒక అడుగు. ముందుగది దాటి, నడవ దాటి బాత్రూము తలుపు దాకా వెళ్ళడానికి ఆయనకి ఎంతసేపు పట్టిందో. నేను అక్కడే నిలబడి ఉన్నాను, చాచిన చెయ్యి అలాగే ఉంది. ఆయన లోపలికి వెళ్ళారు. తలుపు పడింది. లోపల గొళ్ళెం పెట్టిన చప్పుడు వినిపించింది.

క్రిస్టినా పాలగిన్నె వదిలేసి పరిగెత్తుకొచ్చింది. "గొళ్ళెం పెట్టకు తాతయ్యా! లోపల పడితే ఎలా? డాక్టరుగారు పెట్టొద్దన్నారుగా!" తలుపు కొట్టింది. గొళ్ళెం తియ్యలేదు. నా వైపు తిరిగింది, కళ్ళలో భయం. "ఎప్పుడూ పెట్టుకోరక్కా. ఇవాళ ఎందుకు పెట్టుకున్నారు?"

ఎందుకో నాకు తెలుసు. తెలియదని చెప్పాను.